మాత్రకు ముహూర్తం

గృహప్రవేశానికి ముహూర్తం చూస్తాం. బోరు వేయడానికి చూస్తాం. మా నరసన్నపేటలో కొత్త బండి కొన్నవాడు రాహుకాలం దాటేదాకా దాన్ని షోరూం బయటే నిలబెట్టి, కాపలాగా ఎండలో తానూ నిలబడతాడు. ఇన్నిటికి చూసేవాళ్లం ఎర్రగా, గుండ్రంగా ఉండే ఐరన్ మాత్రకు మాత్రం తిథి, వారం, నక్షత్రం ఏదీ చూడం. టీ గ్లాసు చేతికొచ్చిందా, మాత్ర నోట్లోకెళ్లిందా, అంతే. ఇది శాస్త్రానికి జరుగుతున్న ఘోర అపచారమని భావించి, మా వదిన జాతకాన్ని ఆధారం చేసుకుని, ఐరన్ మాత్రకు పంచాంగం కట్టే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను.

వదినకు హిమోగ్లోబిన్ 8.9. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని, రోజుకో మాత్ర చొప్పున వేసుకోమని డాక్టరమ్మ రాసిచ్చింది. వదిన ఒక్క రోజూ తప్పలేదు. నెల తిరిగాక మళ్లీ పరీక్ష చేయిస్తే 9.0. ముప్పై మాత్రలకు పాయింటులో పదో వంతు. ఇల్లంతా మాత్రల మీద పడింది. నకిలీవని అన్నయ్య, వేడి చేశాయని అత్త. వదిన మాత్రం మందు పక్షానే నిలబడింది. "పని సేత్తంది బాబూ, దొడ్డికెళ్తే నల్లగా అవతందిగదా!" అని సాక్ష్యం కూడా చూపించింది.

ఆ సాక్ష్యమే కేసును తిరగేసింది. ఆ నలుపు రక్తంలోకి వెళ్లిన ఇనుముది కాదు, వెళ్లకుండా బయటికొచ్చేసిన ఇనుముది. మాత్ర ఎంత పద్ధతిగా వేసుకున్నా అందులో ఎక్కువ భాగం అలాగే పోతుంది కాబట్టి రంగును బట్టి మందు పట్టిందో లేదో చెప్పలేం. (తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది వేరే సంగతి. లోపల రక్తం కారుతోందేమో డాక్టరు చూడాలి.)

సరే, వదిన దినచర్య రాసుకున్నాను. ఐదుంపావుకు లేవగానే టీ. ఏడింటికి అన్నయ్యతో టీ. ఎనిమిదిన్నరకు టిఫిను, ఆ వెంటనే టీతో మాత్ర. పదకొండుకు ఎవరో ఒకరు వస్తారు, "టీ తాగుతారేటి?" అని అడగకపోతే మర్యాద కాదు, వాళ్లను ఒంటరిగా తాగనిస్తే అంతకన్నా మర్యాద కాదు. మూడున్నరకు ఒకటి, దీపాలు పెట్టే వేళ ఇంకొకటి. పంచాంగంలో వర్జ్యం రోజుకు ఏ గంటన్నరో ఉంటుంది. మా ఇంట్లో టీ వర్జ్యం మధ్యలో ఖాళీలు వెతకడానికి భూతద్దం కావాల్సి వచ్చింది.

టీ ఏం చేస్తుందో పుస్తకం తెరవకుండానే చూపించాలని, పాలు పోయని డికాక్షన్ ఒక గ్లాసులో పోసి, అందులో మాత్ర నలిపి వేశాను. పైన ఎర్ర పూత కరిగిపోయింది. కాసేపటికి గ్లాసంతా సిరా రంగుకు తిరిగింది. కలంకారీ చూసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో గీత గీస్తే నలుపు తేలుతుంది. కరక్కాయలోని వగరూ టీలోని వగరూ ఒక తానులో ముక్కలే. ఆ వగరు పదార్థాలు ఇనుమును పట్టుకుని పేగు పీల్చుకోలేని ముద్దగా మార్చేస్తాయి. కలంకారీలో ఆ రంగు ఉతికినా పోదు. వదిన కడుపులో నెలరోజులుగా అదే అద్దకం జరుగుతోంది, గుడ్డ ఒక్కటే తక్కువ.

భోజనంతో పాటు టీ తాగితే ఒంటికి పట్టే ఇనుము సగానికి పైగా తగ్గిపోతుందని కొలిచి చూసినవాళ్లున్నారు. కాఫీ కాస్త మెరుగు, అంతే. మేం కాఫీ తాగేవాళ్లమని పొంగిపోనక్కర్లేదు.

గ్లాసు చూసి వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పాలతో యేసుకుంతాన్లే" అంది. మా అత్త చోడి అంబలిని, అంటే రాగి అంబలిని, ప్రతిపాదించింది, బలానికి బలం, చలవకు చలవ అని. రెండు దరఖాస్తులనూ పరిశీలించి తిరస్కరించాల్సి వచ్చింది. పాలలో కాల్షియం ఉంది, అది ఇనుముకు దారి ఇవ్వదు. చోడిలో కాల్షియంతో పాటు వగరూ ఉంది, గింజల్లో ఉండి ఇనుమును పట్టేసుకునే ఫైటేట్లూ ఉన్నాయి. అంబలి పులవడం వల్ల ఆ ఫైటేట్లు కొంత తగ్గుతాయి, అది మంచి తిండే. మాత్రను దాంతో మింగడమే కూడదు. మా వీధిలో కడుపుతో ఉన్న ఒకమ్మాయి ఐరన్ మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకేసారి గుప్పిట్లో వేసుకుని మింగేస్తుంది, ఒక్క గుటకతో పని అయిపోతుందని. కాల్షియం అన్నంతో, ఐరన్ దానికి దూరంగా అని ఆశా కార్యకర్త చెప్పిన మాట ఆ గుటకలోనే కలిసిపోయింది. గ్యాస్ మాత్రలదీ ఇదే వరస. ఇనుము కరగడానికి కడుపులో పులుపు కావాలి, అవి ఆ పులుపునే చల్లార్చేస్తాయి.

ఇక ముహూర్తం. బ్రాహ్మీ ముహూర్తమే వచ్చింది, నేనేం చేయను. రాత్రి తిన్నది అరిగిపోయి కడుపు ఖాళీగా ఉంటుంది. కాలేయం నుంచి వచ్చే హెప్సిడిన్ అనే పదార్థం పొద్దున తక్కువగా ఉండి, పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది. దీన్ని రేషన్ డీలరనుకోండి. అది పెరిగితే పేగు దగ్గర షట్టర్ దిగుతుంది. మాత్ర పడ్డాక కూడా అది పెరిగి దాదాపు ఒక రోజు అలాగే ఉంటుంది. అందుకే నిన్న మరిచిపోయానని ఇవాళ రెండు మింగితే రెట్టింపు ఫలం రాదు, కడుపులో వికారం మాత్రం వస్తుంది. ఇదే లెక్కన కొందరికి డాక్టర్లు రోజు విడిచి రోజు వేసుకోమంటున్నారు. అది డాక్టరు నోట రావాల్సిన మాట, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ల విషయంలో. నాబోటి పంచాంగకర్తలు చెప్పకూడదు.

కాబట్టి ఐదుంపావుకు మాత్ర, గ్లాసు నీళ్లలో అర నిమ్మచెక్క పిండుకుని. పులుపు, అందులోని సి విటమిన్ ఇనుముకు దారి ఇస్తాయి. ఏడింటి దాకా టీ లేదు. ఇక్కడే యుద్ధం వచ్చింది.

"టీ నేకపోతే తల దిమ్మెక్కిపోద్ది బాబూ. మాత్ర కోసం టీ మానీమంతావేటి?"

"మానొద్దు వదినా. గంటాముప్పావు ఆగు. రెండు గంటలైతే మరీ మంచిది."

"గంటాముప్పావు! ఆలోపు ఇల్లెవుడు తుడుత్తాడు?"

మొదటి మూడు రోజులు ఇల్లు నేనే తుడిచాను. శాస్త్రం కోసం అంతకన్నా త్యాగం చేసినవాణ్ణి మా వీధిలో చూపించండి. నాలుగో రోజు ఆమెకు వికారం వచ్చింది. పరగడుపున కొందరికి పడదు. అప్పుడు రెండు ఇడ్లీ ముక్కల్లాంటి కాస్త తిండితో వేసుకోవచ్చు. పట్టేది కొంత తగ్గుతుంది, అసలు మానేయడం కన్నా నయం. వదిన ఒక అరటిపండు సగం తిని వేసుకుంది, వారం తర్వాత ఆ సగమూ అక్కర్లేకపోయింది.

నెల తర్వాత 10.1. పద్ధతిగా వేసుకున్నవాళ్లకు నెలకు ఒక పాయింటైనా పెరగాలి. అప్పటికీ కదలకపోతే ముహూర్తం తప్పు కాదు, రక్తం ఎక్కడో పోతోందో, కడుపులో నులిపురుగులున్నాయో, అసలు ఇనుము లోపమే కాదో వెతకాలి. వదినకు నెలసరి వైద్యం కూడా నడుస్తోంది. అంకె మామూలుకొచ్చాక కూడా ఒంట్లో నిల్వలు నిండడానికి ఇంకో రెండుమూడు నెలలు మాత్ర ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది.

మొన్న తెల్లారి ఐదున్నరకు పక్కింటి పెద్దమ్మ పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏటమ్మా, ఇంకా టీ పెట్టలేదేటి?" అంది. వదిన గోడ గడియారం వైపు చూసి, "ఇప్పుడు వర్జ్యం పెద్దమ్మా, ఏడింటికి రా" అంది.