తోక పొడుగ్గా ఉన్న ప్రతి క్యాండిల్ పిన్ బార్ కాదు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం టీ తాగుతూ ఫోనులో కాయిన్ చార్టులు చూసే కుర్రాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లలో ఒకరు రాత్రి తొమ్మిదింటికి బిట్‌కాయిన్ రోజువారీ చార్టు నా ముందు పెట్టి, "ఏటి మాస్టారూ, తోక ఇంత పొడుగుంటే ఇంకా ఏటి సూడాలి, కొనేద్దుమా?" అని అడిగారు. అసలు చూడవలసినది చాలా ఉంది. మొదటిది, ఒక రోజు ధర కదలికను చూపే ఆ కడ్డీ, అంటే క్యాండిల్, ఇంకా ముగియలేదు. దాని ఒంటి నుంచి బయటికి పొడుచుకొచ్చే సన్నని గీతే తోక. అంతర్జాతీయ చార్టులలో రోజువారీ క్యాండిల్ యూటీసీ అర్ధరాత్రికి, అంటే మనకు తెల్లవారుజామున 5:30కు ముగుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి, ధర బాగా పడి వెనుదిరిగిందని చెప్పే అందమైన పిన్ బార్‌లా కనిపించినది అమెరికా మార్కెట్ వేళలు గడిచేసరికి మామూలు ఎర్ర క్యాండిల్‌గా మిగిలిపోవడం కొత్తేమీ కాదు. ముగియని క్యాండిల్‌కు పేరు పెట్టడాన్ని నేను ఒప్పుకోను.

రెండవది కొలత. క్యాండిల్ మొత్తం ఎత్తులో ఒకవైపు తోక కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి, ప్రారంభ ధర, ముగింపు ధర రెండూ ఎదుటి వైపు చివరి మూడో వంతులోనే ఉండాలి. అప్పుడే దానిని పిన్ బార్ అంటాను. ఇక అది ఏర్పడిన చోటు ముందే గీసి పెట్టుకున్న ముఖ్యమైన స్థాయి, అంటే ధర ఇంతకుముందు ఆగి వెనుదిరిగిన చోటు, అయి ఉండాలి. క్యాండిల్ వచ్చిన తరువాత దాని తోక కిందుగా గీత గీసి "ఇదిగో సపోర్ట్" అనడం జరిగిపోయిన పెళ్లికి ముహూర్తం పెట్టడం లాంటిది.

దీనికి 2024 ఆగస్టు 5 కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. జపాన్ కేంద్ర బ్యాంకు జూలై చివర వడ్డీ రేటు పెంచాక యెన్‌లో అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడులు వెనక్కి మళ్లాయి. ఆ రోజు టోక్యో షేర్ల సూచీ 12 శాతానికి పైగా పడింది, దానితో పాటు బిట్‌కాయిన్ కూడా కూలింది. డాలర్ చార్టులో ఆ రోజు సుమారు 58,150 దగ్గర మొదలై, 58,300 వరకు వెళ్లి, 49,000 వరకు జారి, 54,000 దగ్గర ముగిసింది. 49,000 ఊరికే వచ్చిన అంకె కాదు. అదే ఏడాది జనవరి 11న అమెరికాలో షేర్లలా కొనుక్కునే బిట్‌కాయిన్ ఫండ్ల, అంటే స్పాట్ ఈటీఎఫ్‌ల ట్రేడింగ్ మొదలైన రోజు ధర సరిగ్గా అక్కడి దాకా వెళ్లి వెనుదిరిగింది. ధరను పైకి పోనివ్వని ఆ పాత రెసిస్టెన్స్‌ను ఫిబ్రవరిలో ధర దాటేసింది, ఆగస్టులో అదే ధరను కిందికి పడనివ్వని సపోర్ట్‌గా నిలిచింది. స్థాయి విషయంలో వంక పెట్టడానికేమీ లేదు.

కానీ క్యాండిల్ సంగతి వేరు. మొత్తం ఎత్తు 9,300 డాలర్లు అయితే కింది తోక 5,000 మాత్రమే, అంటే సగానికి కాస్త ఎక్కువ. ముగింపు దాదాపు నడిమధ్యన ఉంది. కాబట్టి ఆ రోజున చాలామంది ఎంత గట్టిగా పిన్ బార్ అన్నా, నా కొలతలో అది పిన్ బార్ కాదు. కొనేవాళ్లు వచ్చారని మాత్రమే అది చెప్పింది, వాళ్లు గెలిచారని చెప్పలేదు.

అసలు సంకేతం మరునాడు వచ్చింది. ఆగస్టు 6న ధర సుమారు 53,950 నుంచి 57,050 మధ్యనే తిరిగింది, అంటే ముందురోజు ఎత్తులోపలే పూర్తిగా ఇమిడిపోయింది. ఇది ఇన్‌సైడ్ బార్, దానిని తనలో ఇముడ్చుకున్న 5వ తేదీ క్యాండిల్ మదర్ బార్. అంత పెద్ద పతనం తరువాత అమ్మేవాళ్లు మళ్లీ కిందికి తొయ్యలేకపోయారు. పైగా ఇన్‌సైడ్ బార్ మదర్ బార్ పై సగంలోనే ఉంది. ఈ షరతును నేను వదలను. కింది సగంలో ఏర్పడితే కొనుగోలు వైపు చూడను.

ఇప్పుడు ఎక్కడ కొనాలన్నది ప్రశ్న. ఇన్‌సైడ్ బార్ గరిష్ఠ ధర దాటగానే కొనమని చాలామంది చెబుతారు. ఆగస్టు 7న ధర 57,050 దాటి 57,700 వరకు వెళ్లింది, తరువాత నీరసించి 55,100 దగ్గర ముగిసింది. అక్కడ కొన్నవారి స్టాప్, అంటే నష్టం ఇంతకు మించకుండా అమ్మేయాలని ముందే పెట్టుకున్న ధర, తగలకపోయినా, రాత్రంతా నష్టంలో కూర్చోవలసి వచ్చింది, చాలామంది భయపడి అమ్మేసి ఉంటారు. నేను మదర్ బార్ గరిష్ఠ ధరనే ట్రిగ్గర్‌గా, అంటే దాటగానే కొనే ధరగా తీసుకుంటాను. ఇక్కడ అది 58,300 కంటే కొద్దిగా పైన, 58,400 అనుకుందాం. ఆగస్టు 8న ఆ ధర దాటింది, అదే రోజు 62,700 వరకు వెళ్లింది. మూడు రోజులలోపు ట్రిగ్గర్ తగలకపోయినా, ఈలోగా ఇన్‌సైడ్ బార్ కనిష్ఠ ధర విరిగినా ఆర్డర్ రద్దు చేస్తాను.

స్టాప్‌కు రెండు చోట్లున్నాయి. మదర్ బార్ కిందయితే 48,900, దూరం 9,500 డాలర్లు, అంటే 16 శాతం. ఇన్‌సైడ్ బార్ కిందయితే 53,800, దూరం 4,600 డాలర్లు, అంటే సుమారు 7.9 శాతం. రెండవదే తీసుకుందాం. యాభై వేల రూపాయల పెట్టుబడిలో ఒక శాతం, అంటే 500 రూపాయలు మాత్రమే పోగొట్టుకోవడానికి సిద్ధపడితే, దాదాపు 6,350 రూపాయల కాయిన్ కొనవచ్చు. ఎంత కొనాలన్నది స్టాప్ దూరమే నిర్ణయిస్తుంది, ధైర్యం కాదు. ఇక లక్ష్యం. 2వ తేదీన పతనం 65,000 దగ్గర మొదలైంది కనుక దానికి కాస్త కింద 64,000 అనుకుందాం. ఆగస్టు 23న ఆ ధర వచ్చింది కూడా. లాభం దాదాపు 609 రూపాయలు.

ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడితో లెక్క ఆపేస్తారు. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి కాయిన్ల లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. 609లో 190 పోగా చేతికి వచ్చేది 419. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరొక కాయిన్ లాభంలోంచి తీసివేసే వీలు లేదు కనుక, ఓడితే పోయేది నిండా 500. అమ్మినప్పుడు కోసుకునే ఒక శాతం టీడీఎస్ రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అందాక ఆ డబ్బు చేతిలో ఉండదు. యాప్ రుసుములు సరేసరి. అంటే స్థాయి సరైనదై, ఇన్‌సైడ్ బార్ సరైనదై, ట్రిగ్గర్ తగిలి, లక్ష్యం కూడా చేరిన వ్యాపారంలో వచ్చినది, పెట్టిన పణం కంటే తక్కువ. అందుకే ఆ రోజు చార్టును మెచ్చుకుంటాను గానీ, ఆ కొనుగోలును సమర్థించను. స్టాప్ దూరానికి లక్ష్యం దూరం కనీసం రెట్టింపు లేకపోతే మన పన్నుతో అది గిట్టుబాటు కాదు. సరిగ్గా రెట్టింపు ఉంటే 500 పణానికి చేతికి మిగిలేది 688. లక్ష్యం దగ్గర అమ్మకుండా ఇంకా పెరుగుతుందని ఉంచుకున్నవారికి సెప్టెంబరు 6న ధర 52,500 దాకా జారి స్టాప్ కూడా తగిలింది.

కనుక ఎదురుచూడవలసినది పెద్ద పతనం తరువాతి నాటకీయమైన క్యాండిల్ కోసం కాదు. మామూలు ఎత్తున్న పిన్ బార్, దాని పై మూడో వంతులో ఒదిగిన చిన్న ఇన్‌సైడ్ బార్ వచ్చినప్పుడు స్టాప్ దగ్గరగా పడుతుంది, లెక్క కుదురుతుంది. అయితే శని, ఆదివారాలలో లావాదేవీలు పలచబడి ఇన్‌సైడ్ బార్లు వాటంతటవే పుట్టుకొస్తాయి. వాటిని నేను పట్టించుకోను. కాయిన్ ధరను రూపాయిలలో చూపే రూపాయి జతల చార్టులలో ఒక్క పెద్ద ఆర్డర్‌కే లేని తోక మొలుస్తుంది కాబట్టి, బార్లను డాలర్ చార్టులోనే చూసి, ఆర్డర్ మాత్రం రూపాయిలలో పెట్టుకోవాలి. ట్రిగ్గర్ ధర తగిలాక లిమిట్ ధరకు తగ్గకుండానే అమ్మే స్టాప్ లిమిట్ ఆర్డర్ మాత్రమే ఇచ్చే యాప్‌లో ట్రిగ్గర్ ధర, లిమిట్ ధర ఒకటే పెడితే వేగంగా పడే రోజున ధర దానిని దాటిపోయి ఆర్డర్ అమ్ముడు కాకుండా అలాగే నిలిచిపోతుంది. అమ్మకపు స్టాప్‌కు లిమిట్‌ను ట్రిగ్గర్ కంటే కనీసం ఒక శాతం కింద పెట్టి, ఆ ఒక శాతాన్ని కూడా ముందే 500 రూపాయల లెక్కలో కలుపుకోవాలి.