గుట్ట మధ్యలో ఉంటే ఫొటో బాగున్నట్టేనా?

పెళ్లి ఫొటోలు తీయడం నేర్చుకునేవాళ్లు ముందుగా వినే సలహాల్లో, కెమెరా తెరమీద గుట్టలా కనిపించే వెలుగు గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్ గురించిన మాట ఒకటి ఉంటుంది. గుట్ట మధ్యలో ఉంటే వెలుతురు సరిపోయినట్టు, ఎడమకు జరిగితే ఫొటో చీకటైనట్టు, కుడికి జరిగితే తెల్లబోయినట్టు. గుర్తుపెట్టుకోవడానికి సులువే. అయితే వధూవరులు మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చునే వేళకు ఇదే సలహా పాటించినవాడి ఫొటోలు మురికిపట్టిన బట్టల్లా వస్తాయి.

హిస్టోగ్రామ్ ఒక లెక్క మాత్రమే. ఎడమ చివర పూర్తి నలుపు, దాని విలువ 0. కుడి చివర పూర్తి తెలుపు, దాని విలువ 255. ఫొటోలోని ఏ వెలుగు స్థాయికి ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో ఆ చోట గీత అంత ఎత్తు లేస్తుంది. ఆ పిక్సెళ్లు పంచెవా, ముఖానివా, వెనుక కట్టిన పూల తెరవా అన్న సంగతి దానికి తెలియదు. అది చూసేవాళ్లకు తెలియాలి.

కెమెరా మీటరు సంగతీ అంతే. ఎదురుగా ఏముందో తెలియదు కనుక, దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందన్న అంచనాతో వెలుతురు లెక్క కడుతుంది. ఆ బూడిద రంగు తనమీద పడిన కాంతిలో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపుతుందని ఫొటోగ్రఫీలో వాడుక లెక్క. ఉతికిన తెల్లటి నూలు బట్ట 80 శాతం దాకా పంపుతుంది. అంటే నాలుగు రెట్లకు పైన, కాంతి రెట్టింపైతే ఒక స్టాపు కనుక స్టాపుల్లో చెబితే రెండుకు కాస్త ఎక్కువ. ఫ్రేము నిండా తెలుపే ఉంటే కెమెరా ఆ తెలుపును బూడిద రంగుకు దించేదాకా వెలుతురు తగ్గిస్తుంది. ఇప్పటి కెమెరాలు దృశ్యాన్ని ముక్కలుగా చేసి చూసి, కొంత సర్దుకుంటాయి కనుక తేడా పూర్తిగా అంత రాదు. అయినా ఒక స్టాపు లోటు మామూలే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. షట్టరు వేగాన్ని కెమెరాకే వదిలేసే అపెర్చర్ ప్రయారిటీలో f/4, ఐఎస్ఓ 800 పెట్టాం. పక్కపక్కన కూర్చున్న జంట తెల్లటి బట్టలు ఫ్రేములో మూడింట రెండు వంతులు ఆక్రమించాయి. కెమెరా 1/250 సెకను ఎంచుకుంది. హిస్టోగ్రామ్‌లో పెద్ద గుట్ట నడిమధ్యన ఉంది, కుడివైపు పావు భాగం ఖాళీ. నేర్చుకున్న సూత్రం ప్రకారం ఇది చక్కటి ఫొటో. కానీ ఆ పెద్ద గుట్ట ఎవరిదని అడిగితే జవాబు ఒకటే: అది పంచెదీ చీరదీ. తెల్లబట్టల గుట్ట మధ్యలో ఉందంటే అవి బూడిద రంగులో పడ్డట్టే. వాటితోపాటు ముఖాలు కూడా ఎడమకు జరిగి నల్లబడ్డాయి.

ఇప్పుడు కెమెరా కట్టిన వెలుతురు లెక్కను పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 చేస్తే షట్టరు 1/125కు వస్తుంది, సెన్సరుకు రెట్టింపు కాంతి చేరుతుంది. గుట్ట మొత్తం కుడికి నడుస్తుంది, కుడి గోడకు ఇంకా కాస్త చోటు మిగులుతుంది. మూడో వంతు స్టాపు పెంచి +1.3 చేస్తే 1/100. గుట్ట అంచు గోడ దగ్గరకు వెళ్లినా దానికి ఆనుకోలేదు, బట్ట మడతలు ఇంకా కనిపిస్తున్నాయి. +2 దాకా వెళితే గోడకు అంటుకుని ఒక నిలువు గీత లేస్తుంది. ఆ పిక్సెళ్లన్నీ 255 దగ్గర ఆగిపోయాయి. మడతలకూ నేతకూ తేడా చెప్పే సమాచారం అక్కడ నమోదు కాలేదు. కాబట్టి ఈ ఫొటోకు +1.3 సరైన చోటు. గుట్ట కుడివైపున ఉన్నా ఫొటో తెల్లబోలేదు. బట్టలు తెల్లవి కనుక గుట్ట అక్కడే ఉండాలి.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. మధుపర్కాల అంచు ఎరుపు. కుంకుమ ఎరుపు. మండపంలో వేసే పసుపుపచ్చటి దీపాలు ఆ ఎరుపును ఇంకా పెంచుతాయి. కెమెరాలు చూపే ఒంటి హిస్టోగ్రామ్ సాధారణంగా మూడు రంగులనూ కలిపి, మన కంటికి తగ్గట్టు ఆకుపచ్చకు ఎక్కువ, ఎరుపుకు తక్కువ వాటా ఇచ్చి లెక్కిస్తుంది. ఎరుపు 255, ఆకుపచ్చ 30, నీలం 40 ఉన్న అంచు పిక్సెల్ ఆ లెక్కలో సుమారు 98గా తేలుతుంది. మధ్యకు ఎడమన, ఎంతో క్షేమంగా కనిపిస్తుంది. నిజానికి ఎరుపు గోడకు కొట్టుకుంది. జరీ గీతలూ నేతా పోయి అంచంతా ఒకే ఎర్రటి పూతలా మిగులుతుంది. అందుకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ ఉన్న కెమెరాలో దాన్నే పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఎరుపు గీత గోడకు చేరితే +1.3 నుంచి +0.7కు దిగడం మేలు. తెలుపు కాస్త మందగించినా తర్వాత లేపుకోవచ్చు.

సాయంత్రం రిసెప్షన్‌లో కథ తిరగబడుతుంది. వరుడు నల్లకోటు వేసుకుంటాడు, వెనుక ముదురు రంగు తెర. మీటరు ఆ నలుపును కూడా బూడిద రంగు చేయబోయి వెలుతురు పెంచుతుంది. గుట్ట మళ్లీ మధ్యలోనే నిలుస్తుంది, ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంది. ఇక్కడ −1 దాకా తగ్గించాలి, గుట్టను ఎడమకు పోనివ్వాలి. అయితే ముఖం ఫ్రేములో చిన్న భాగమే. నుదురూ ముక్కూ తెల్లబోయినా హిస్టోగ్రామ్‌లో అది కుడి గోడ వెంబడి సన్నటి దారంలా కనిపిస్తుంది, ఎడమనున్న పెద్ద గుట్ట మీదే మన చూపు పడుతుంది. వెలుగు మితిమీరిన చోట్లను మిణుకుమిణుకుమనిపించే హెచ్చరికను ఆన్ చేసుకుంటే ఆ దారం ఎవరిదో వెంటనే తెలుస్తుంది. మిణుకుమన్నది వెనుక వేలాడే దీపమైతే వదిలేయవచ్చు. నుదురైతే వదలకూడదు.

ఇంత లెక్కెందుకు, తెరమీద ఫొటో చూస్తే తెలియదా అని అడిగేవాళ్లున్నారు. చీకటి హాల్లో అదే తెర ధగధగలాడి, చీకటి ఫొటోను కూడా బాగున్నట్టు చూపుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మంచి ఫొటో కూడా నల్లగా కనిపిస్తుంది. తెర ప్రకాశం మారినంత మాత్రాన హిస్టోగ్రామ్ మారదు. దానికీ ఒక హద్దుంది. సెన్సరు నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు అలాగే దాచే రా ఫైలు తీస్తున్నా, కెమెరా సాధారణంగా చూపేది తనలో తయారుచేసుకున్న జేపెగ్ లెక్కనే. వైట్ బ్యాలెన్స్ మారిస్తే ఎరుపు గీత జరిగేది అందుకే. గోడకు కాస్త తగిలినట్టు చూపినా రా ఫైలులో కొంత వివరం మిగిలి ఉండవచ్చు. జేపెగ్ మాత్రమే తీసేవారికి ఆ వెసులుబాటు లేదు.

మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ కూడా మనమే పెడితే కాంపెన్సేషన్ మీట ఎంత తిప్పినా ఫొటో మారదు. షట్టరునో అపెర్చర్‌నో ఐఎస్ఓనో మనమే మార్చాలి. ఆటో ఐఎస్ఓ ఉంటే మాత్రం చాలా కెమెరాల్లో అది ఐఎస్ఓను కదుపుతుంది.

రెండు గోడలకూ గుట్టలు అంటుకునే సందర్భాలు వేరు. ఆరుబయట పందిరి కింద జంట నీడలో ఉంటే, వెనుక ఎండ పేలుతుంటుంది. + వైపు తిప్పితే వెనుకదంతా తెల్లబోతుంది, − వైపు తిప్పితే ముఖాలు నల్లబడతాయి. కాంపెన్సేషన్ గుట్టలన్నిటినీ ఒకేవైపు జరుపుతుంది తప్ప వాటి మధ్య దూరాన్ని తగ్గించలేదు. అలాంటప్పుడు ముఖాలకు ఫ్లాష్ వేయాలి, లేదా జంటను వెనుక ఎండ పడని దిక్కు నుంచి చూసేలా కెమెరా చోటు మార్చాలి. రెండూ కుదరకపోతే ముఖాలకు సరిపడేలా వెలుతురు పెంచి, వెనుక ఎండను వదులుకోవడమే నాకు నచ్చిన పద్ధతి.