బెంగాలీ పాట హిందీలోకి: క్రియల చివర మారిస్తే సరిపోదు

"బెంగాలీ, హిందీ రెండూ సంస్కృతం బిడ్డలే, మాటలు సగం ఒకటే. క్రియల చివర మార్చి, అక్షరాల లెక్క సరిచూసుకుంటే పాట అదే బాణీలో కూర్చుంటుంది. అంత్యప్రాస కూడా దానంతటదే వస్తుంది."

పాటల అనువాదం గురించి కొందరు చెప్పే ఈ మాట నిలవదు. మాటలు ఒకటే కావడం రాతలోనే, గొంతులో కాదు. పాటకు లెక్క పలికే అచ్చులది. "ఆనంద"ను బెంగాలీలో "ఆనొందొ" అని మూడు అచ్చులతో పలుకుతారు. హిందీలో చివరి అచ్చు జారిపోయి "ఆనంద్", రెండే. "బొషొంతొ" మూడు, "వసంత్" రెండు. అలాగని ప్రతి మాటా తరగదు: "హృదొయ్", "హృదయ్" రెంటికీ రెండే. అందుకే మాట మాటకూ పలికి చూడాలి. తెలుగువాళ్లు ఇక్కడ ఇంకా సులువుగా పొరబడతారు. మనకు మాటను అచ్చుతో ముగించడం అలవాటు కాబట్టి హిందీ సాహిత్యం చూసినా మూడని లెక్కేస్తాం. కాగితం మీద సరిపోయింది, పాడితే ఒక స్వరానికి మాట లేకుండా పోతుంది. "జన గణ మన"ను హిందీవాళ్లూ నిండు అచ్చులతోనే పాడతారు కదా అనవచ్చు. అది అనువాదం కాదు, సంస్కృతం నిండిన మూలమే. వాటినే మామూలు హిందీ మాటల్లా పలికితే ఆరు అచ్చులు మూడవుతాయి.

ఇక క్రియల సంగతి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1905 నాటి స్వదేశీ గీతం పల్లవి తీసుకుందాం: "జొది తోర్ డాక్ శునే కేఉ నా ఆశే, తొబే ఏక్‌లా చొలో రే". నీ పిలుపు విని ఎవరూ రాకపోతే ఒంటరిగానే నడువు అని అర్థం. "కేఉ"ను ఒకే ఊపులో పలికితే మొదటి సగం పది అచ్చులు, రెండోది ఏడు. మాటకు మాట పెడితే "యది తేరీ పుకార్ సున్‌కర్ కోఈ న ఆఏ, తో అకేలా చల్ రే" వస్తుంది. మొదటి సగం పదమూడుకు పెరిగింది, రెండోది ఆరుకు తగ్గింది. చివరలు మార్చడంతో ఇది సర్దుకోదు, మాటలే మార్చాలి. "జో తేరీ టేర్ సున్ కే కోఈ న ఆఏ" అంటే, "కోఈ"ని ఒకే ఊపులో పలికితే పది. లెక్కకన్నా ముఖ్యం, "టేర్" (పిలుపు) సరిగ్గా "డాక్" చోట, "సున్ కే" "శునే" చోట, "కోఈ" "కేఉ" చోట పడ్డాయి. మూలంలో గొంతు ఏ మాట మీద ఊనుతుందో ఇక్కడా అదే మాట మీద ఊనుతుంది.

రెండో సగంలో "అకేలా" ఇబ్బంది పెడుతుంది. "ఏక్" బరువుగా పడే చోట పొట్టి "అ" వస్తుంది. "ఇక్‌లా" అయితే ఆ బరువు నిలుస్తుంది. "తో తూ ఇక్‌లా చల్ రే" అని "చల్"ను రెండు స్వరాల మీద సాగదీస్తే? లెక్క కుదురుతుంది గానీ వినేవాడికి "చాల్" అని, నడకో ఎత్తుగడో అయినట్టు తోస్తుంది. బెంగాలీ పలుకుబడిలో హ్రస్వదీర్ఘాల తేడా అర్థాన్ని మార్చదు. "దిన్" (రోజు), "దీన్" (దిక్కులేని) ఒకేలా పలుకుతారు, ఏ అచ్చునైనా సాగదీయవచ్చు. హిందీలో "దిన్"ను సాగదీస్తే రోజు కాస్తా దీనుడవుతుంది. సాగే స్వరం కింద దీర్ఘమే ఉండాలి. పోనీ "చలో" పెడదామా? "తేరీ"తో "తూ" అని మొదలుపెట్టి "చలో"తో "తుమ్"లోకి దూకడాన్ని ఉర్దూ కవిత్వంలో శుతుర్‌గుర్బా అనే దోషంగా ఎంచుతారు. మిగిలేది "తో తూ ఇక్‌లా హీ చల్ రే": ఏడు. క్రియ ఒక స్వరం వెనక్కి జరిగింది, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే.

అంత్యప్రాస దానంతటదే రాదని చరణం మొదట్లోనే తెలుస్తుంది. ఎవరూ మాట్లాడకపోతే అనే "జొది కేఉ కొథా నా కొయ్"కు జవాబుగా, అందరూ భయపడితే అనే "శొబాయ్ కొరే భొయ్" వస్తుంది. హిందీలో "కహే", "భయ్" కలవవు. పైగా బెంగాలీ క్రియకు లింగం లేదు. హిందీలో "కహతా", "కహతీ" అంటే చెప్పేది మగో ఆడో తేల్చాలి. "కహే" లాంటి సంభావనార్థక రూపాలకు ఆ బెడద లేదు. కాబట్టి ముందు చివరి జంటను ఎంచుకుని వెనక్కి కట్టుకుంటూ రావాలి: "గర్ లోగ్ కుఛ్ భీ న కహేఁ" ఏడు, "సబ్ డర్ మేఁ రహేఁ" అయిదు, మూలంలో ఉన్నన్నే. "కోఈ ... కహే" అని ఏకవచనం ఉంచితే "రహేఁ"లోని ముక్కు పలుకు ప్రాసను చెడగొడుతుంది, అందుకే "లోగ్". ఇక్కడ "ఒకవేళ" అనే అర్థమున్న "గర్" బదులు "జో" పెడితే "ఎవరైతే" అన్న అర్థం వచ్చేస్తుంది.

ఆ రెంటి నడుమ ఉన్న "ఓరే ఓరే ఓ ఒభాగా" మాత్రం "ఓరే ఓరే ఓ అభాగే" అయి ఎనిమిదికి ఎనిమిదిగా దిగిపోతుంది. అందులో క్రియ లేదు, జారిపోయే చివరి అచ్చూ లేదు.