ఒకరికి తగ్గిందని మరొకరికి పసరా?

పక్షవాతం వచ్చిన మనిషిని సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి కాక పసరు పోసే చోటుకు తరలించే అలవాటు అనంతపురం జిల్లాలో ఇంకా పోలేదు. ఉరవకొండ వైపు ఒక పల్లెలో గత వారం 55 ఏళ్ల రైతు ఒకరు ఉదయం 6.30 గంటలకు చీనీ తోటలో మోటారు వేయబోయి కుడి పక్కకు ఒరిగిపోయారు. కుడి చేయి పూర్తిగా పడిపోయింది, కాలు కొంత కదిలింది, నోరు ఎడమకు లాగేసింది, మాట పోయింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి బీపీ 190/100 ఉందని చెప్పి, నాలుక కింద మాత్ర ఒకటి పెట్టి పంపారు. అక్కడి నుంచి అనంతపురం గంట దారి. బంధువులు అద్దె కారు మాట్లాడుకుని, అంతకన్నా దూరంలో ఉన్న పసరు మందు చోటుకు బయలుదేరారు. కారణం ఒక్కటే: ఆయన అన్నకు గత ఏడాది అక్కడే తగ్గిందట.

ఆ ‘తగ్గిందట’ అన్న మాటే మమ్మల్ని కలవరపెడుతోంది. ఒక ఇంట్లో ఒకరికి తగ్గితే అది ఆ ఇంటికే కాదు, ఊరికంతటికీ దృష్టాంతమైపోతుంది. తరువాత పడిపోయినవారందరినీ అదే దారిలో తీసుకువెళతారు. ఈ అన్నదమ్ముల విషయంలో ఆ దృష్టాంతం ఎంత తప్పుడుదో ఇప్పుడు స్కాన్లు తేల్చి చెప్పాయి. తమ్ముడిని చివరకు ఆసుపత్రిలో చేర్చాక వైద్యులు అన్నకు కూడా మెడ, మెదడు రక్తనాళాల పరీక్ష చేయించారు. ఆ రెండు స్కాన్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరి కథ మరొకరికి ఎందుకు పనికిరాదో తెలుస్తుంది.

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. దానికి నిమిషానికి 750 మిల్లీలీటర్ల వరకు రక్తం అందాలి. అది నాలుగు నాళాల ద్వారా వస్తుంది: మెడ ముందు భాగంలో రెండు పక్కలా కెరోటిడ్ ధమనులు, వెనుక వెన్నుపూసల గుండా ఎక్కే మరో రెండు. వెనుకవి రెండూ పుర్రెలోకి వెళ్లాక కలిసి ఒక్కటవుతాయి. మెదడు అడుగున ఈ ముందు, వెనుక నాళాలను సన్నని కలుపు నాళాలు ఒకదానితో ఒకటి ముడివేసి వలయంగా చేస్తాయి. థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు 1664లో ఆ వలయం పని ఏమిటో వివరంగా రాశాడు కాబట్టి నేటికీ దాన్ని విల్లిస్ వలయం అనే పిలుస్తున్నారు. మన తోటల్లో డ్రిప్పు మెయిన్ పైపును చుట్టూ తిప్పి కలిపేసినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. మెయిన్‌కు నీరు తెచ్చే ఒక పైపు మూసుకుపోయినా నీరు మరో పక్క నుంచి తిరిగి వస్తుంది, కానీ మెయిన్ దాటాక లేటరల్ పైపులో రాయి పడితే ఆ సాలు చెట్లకు నీరు ఏ పక్క నుంచీ రాదు.

అన్నకు మూసుకుపోయింది వలయానికి కింద, మెడలో. ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటూ ఎడమ కెరోటిడ్ ధమని పూర్తిగా మూతపడింది. మెదడుకు రక్తం తెచ్చే నాలుగింటిలో పెద్ద నాళం ఒకటి లేకుండానే ఆయన పొలం పని చేసుకుంటున్నారు. నెమ్మదిగా మూసుకుపోవడం వల్ల వలయంలోని కలుపు నాళాలకు వెడల్పయ్యే వ్యవధి దొరికింది. కుడి కెరోటిడ్ రక్తమే ముందు వైపు కలుపు నాళం దాటి ఎడమ సగాన్ని కూడా పోషిస్తోంది. గత ఏడాది ఆయన చేయి 20 నిమిషాల పాటు పడిపోవడానికి మెడలో పేరుకున్న కొవ్వు నుంచి రాలిన చిన్న ముక్క కారణం కావచ్చు, లేదా బీపీ తగ్గినప్పుడు వలయం గుండా వచ్చే రక్తం చాలకపోయి ఉండవచ్చు. కారణం ఏదైనా కానీ, రక్తం మళ్లీ అందింది, చేయి లేచింది. పసరు చోటుకు చేరకముందే, కారులో ఉండగానే వేళ్లు కదిలాయని కుటుంబసభ్యులే ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నారు. అయినా పేరు పసరుకే దక్కింది. నిజానికి అలా వచ్చి పోయే పక్షవాతం పెద్దదానికి ముందస్తు హెచ్చరిక, తరువాతి రెండు రోజులే అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ రోజే పరీక్షలు జరగాలి, మందులు మొదలుకావాలి. తగ్గిందన్న సంతోషంలో ఏడాది గడిచిపోయింది.

తమ్ముడికి జరిగింది పూర్తిగా వేరు. ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటోందని ఆసుపత్రిలో ఈసీజీ తీశాకే తెలిసింది. అలాంటి గుండె పైగదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి, ఎడమ కెరోటిడ్ గుండా పైకి వెళ్లి, వలయాన్ని దాటి మధ్య మస్తిష్క ధమని మొదట్లోనే ఇరుక్కుంది. అన్నకు మూసుకున్న నాళం కన్నా ఇది సన్ననిది. కానీ వలయం దాటిన తరువాతి నాళం కాబట్టి వలయం ఎంత చక్కగా ఉన్నా దీనికి అక్కరకు రాదు. ముఖం, చేయి, మాట నడిపించే భాగం దీనిదే. కాలు నడిపే భాగానికి రక్తం ముందు మస్తిష్క ధమని నుంచి వస్తుంది గనుకే ఆయన కాలు కొంతైనా కదిలింది. ఇక మిగిలిన ఆధారమల్లా మెదడు పైపొరలో పక్క ధమనుల కొసల నుంచి వెనక్కి పారే సన్నటి దారులు. అవి ఒకరిలో బాగుంటాయి, మరొకరిలో దాదాపు ఉండవు. ఆ మాటకొస్తే పుస్తకంలో గీసినంత నిండైన వలయం కూడా సగం మందికి పైగా మనుషుల్లో ఉండదు, ఎక్కడో ఒక కలుపు నాళం దారంలా సన్నబడి ఉంటుంది. ఎవరికి ఏ దారి ఉందో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. ఒకే తల్లి బిడ్డల్లోనే ఇంత తేడా ఉంటే, పక్కింటాయనకు తగ్గిందన్న ముక్క పట్టుకుని ఎదురింటాయనను పసరుకు తీసుకుపోవడం ఏ లెక్కన సబబు?

నాలుక కింద పెట్టిన ఆ మాత్ర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది కూడా ఇలాంటి దృష్టాంతంతోనే ఊరూరా పాకింది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. అది 20కి పడిపోతే కణాలు పని మానేస్తాయి గానీ చావవు. 10 కన్నా తగ్గితే నిమిషాల్లోనే చనిపోతాయి. నాళం మూసుకున్న చోట మధ్య భాగం త్వరగా చనిపోతుంది, దాని చుట్టూ ఉన్న భాగం పైపొర దారుల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో ప్రాణం నిలుపుకుంటుంది. ఆ సన్నటి దారుల్లో రక్తాన్ని నెట్టేది బీపీయే, అందుకే శరీరం తనంతట తానే దాన్ని పెంచుకుంటుంది. గడ్డ కరిగించే మందు ఇవ్వబోనప్పుడు బీపీ 220/120 దాటితే తప్ప వైద్యులు సాధారణంగా దాన్ని తగ్గించరు. మందు ఇవ్వవలసి వస్తే 185/110 లోపుకు తెస్తారు, అదీ నరంలో సూదితో, కొలుచుకుంటూ. ఈయన 190 పై సంఖ్యను నాలుక కింద మాత్రతో ఒక్కసారిగా దించడమంటే, బతికే అవకాశమున్న భాగానికి అందుతున్న ఆ కాస్త రక్తాన్ని కూడా తగ్గించడమే.

ఆ తరువాతి సమయం ఎలా గడిచిందో చూడండి. 8.30కు పసరు పోశారు. మింగే శక్తి లేని గొంతులో పోసిన ద్రవంలో కొంత ఊపిరితిత్తుల్లోకి దిగింది. కదలకుండా పడుకోబెట్టాలన్నారు, మధ్యాహ్నం దాకా పడుకోబెట్టారు. ఊపిరి గురగురమనడం మొదలయ్యాక కారు తిప్పి అనంతపురం ఆసుపత్రికి వచ్చేసరికి 3.30 అయింది. అంటే తొమ్మిది గంటలు. గడ్డ కరిగించే సూదిమందు మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఆ గడువు 11 గంటలకే ముగిసింది. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్స కొందరికి 24 గంటల వరకు చేస్తారు, కానీ కాపాడదగిన భాగం మిగిలి ఉందని స్కాన్ చూపితేనే. ఈయన స్కాన్‌లో ఎడమ పక్క చాలా భాగం అప్పటికే నల్లబడింది. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా. పడిపోయిన వెంటనే 108కు ఫోను చేసి నేరుగా వచ్చి ఉంటే ఉదయం 8 గంటల లోపే సీటీ గదిలో ఉండేవారు. రక్తనాళం చిట్లిన పక్షవాతమా, గడ్డ అడ్డుపడిన పక్షవాతమా అన్నది మెదడు స్కాన్ తప్ప మరేదీ తేల్చలేదు, రెంటికీ వైద్యం పరస్పర విరుద్ధం. పసరు పోసేవారికి ఈ రెండింటికీ ఒకే గిన్నె.

పల్లెల్లో సీటీ లేదని, పేదవాడికి ఆసుపత్రి అంటే భయమని, నాటు వైద్యంపై నమ్మకం తరాల నాటిదని కొందరు అంటారు. దూరం, పేదరికం నిజమే. అయితే అనంతపురం కన్నా దూరమైన పసరు చోటుకు కారు కిరాయి ఇచ్చుకుని వెళ్లిన కుటుంబం విషయంలో ఆ వాదన నిలవదు. వీరిని తప్పుదారి పట్టించింది దూరం కాదు, తగ్గిందన్న ప్రచారం. ఆ ప్రచారానికి గోడలే సాక్ష్యం. కర్నూలు, కడప, అనంతపురం రోడ్ల పక్కన వంతెనల కమ్మీల మీద, బడి ప్రహరీల మీద ‘పక్షవాతమునకు మందు ఇవ్వబడును’ అని నీలిరంగుతో రాసి, కింద ఫోను నంబరు, ఆదివారం, గురువారం వేళలు కూడా ఇస్తున్నారు. తగ్గనివారి పేర్లు ఏ గోడకూ ఎక్కవు. తగ్గిన ఒక్కరి కథే పదిమందిని అక్కడికి రప్పిస్తోంది.

ఇలాంటి ప్రకటనలను నిషేధిస్తూ మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లోనే వచ్చింది. నయం చేస్తామని ప్రకటించరాని జబ్బుల జాబితాలో పక్షవాతం పేరు స్పష్టంగా ఉంది. మొదటి నేరానికే 6 నెలల వరకు జైలు వేయవచ్చు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పర్యటనలకు వెళ్లేది ఆ రోడ్ల మీదుగానే. గోడ మీద నేరం, దాని కిందే నేరస్తుడి ఫోను నంబరు ఉండగా, ఎవరైనా ఫిర్యాదు ఇస్తే చూస్తామనడం విధిని ఎగవేయడమే. ఇప్పటిదాకా ఎన్ని గోడలు చెరిపారో, ఎన్ని కేసులు పెట్టారో, ఆర్‌ఎంపీలలో ఎందరిని పిలిచి ఆ నాలుక కింది మాత్ర మానమని చెప్పారో మూడు జిల్లాల అధికారులూ లెక్క బయటపెట్టాలి. లెక్క లేకపోతే, ఈ రైతు మాట పోవడంలో తమ వాటా ఎంతో వారే చెప్పాలి.