పాట రాసినవాడు ఎగ్గొట్టిన పని

పాటలు రాసేవాళ్లలో ఒక రకం ఉన్నారు. కథంతా వాళ్లకి తెలుసు, మనకి మాత్రం చెప్పరు. సగం చెప్పి పక్కకి తప్పుకుంటారు. మిగతా సగం వినేవాళ్లం అల్లుకోవాలి. పారితోషికం మాత్రం మొత్తం పాటకీ తీసుకుంటారు. ఇంకే పనిలోనైనా దీన్ని పని ఎగ్గొట్టడం అంటారు, ఇక్కడ మాత్రం ప్రతిభ అంటున్నారు.

ఈ మధ్య పాటలు రాసే నా మిత్రుడొకడు కొత్త పల్లవి పాడి వినిపించాడు.

తాళంచెవి ఇంకా కుండీ కిందే ఉంది
తలుపుకి మాత్రం పచ్చరంగు వేశారు
తాళం మారుద్దామన్నారు
మొన్న కూడా అన్నారు

అంతే. వాడు ఎప్పుడు వెళ్లిపోయాడో లేదు. ఎందుకు వెళ్లాడో లేదు. కన్నీళ్లు లేవు, గుండె లేదు, ఎడబాటు అన్న మాటే లేదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు రాసుకునే వివరాల్లా ఉంది. అయినా పక్కన కూర్చున్న ముగ్గురూ చాలాసేపు మాట్లాడలేదు. ఒకావిడైతే కళ్లు తుడుచుకుంది.

నాకు ఒళ్లు మండింది. విచారణ మొదలుపెట్టాను. ముగ్గురినీ విడివిడిగా పిలిచి, వెళ్లిపోయింది ఎవరని అడిగాను. ఒకరు భర్త అన్నారు. ఒకరు ఇష్టపడ్డవాణ్ణి చేసుకుని గడప దాటిన చెల్లెలు అన్నారు. కళ్లు తుడుచుకున్నావిడ మాత్రం 'వెళ్లినవాళ్లు ఎవరైతేనేం, తాళం మార్చనివ్వని మనిషి అమ్మ' అంది. తాళం మార్చనివ్వలేదని పాటలో ఎక్కడుందమ్మా అని అడిగాను. ఆవిడ పాట మళ్లీ మనసులో పాడుకుని, 'లేదు కదూ' అని తెల్లబోయింది. లేని వాక్యాన్ని చెవులతో విన్నానని ఆవిడ నమ్మకం. దీన్ని మోసం అనక ఏమనాలి?

నేరం ఎక్కడ జరిగిందో ఓపిగ్గా వెతికితే 'కూడా' దగ్గర దొరికింది. 'మొన్న అన్నారు' అని ఉంటే అది ఒక రోజు ముచ్చట. 'మొన్న కూడా' అనగానే అంతకుముందు ఎన్నిసార్లు అన్నారో, ప్రతిసారీ ఏం జవాబొచ్చిందో, ఆ ఇంట్లో ఎన్ని పూటలు మాటల్లేకుండా గడిచాయో అన్నీ వచ్చి కూర్చుంటాయి. రెండక్షరాల మాటతో ఇన్నేళ్ల గొడవ మన నెత్తిన పెట్టాడు. మొదటి పంక్తిలో 'ఇంకా', 'కిందే' కూడా ఆ ముఠాలోవే. ఎవరన్నారో చెప్పని 'అన్నారు' సంగతి సరేసరి. అది ఇంట్లో అందరూ కావచ్చు, పేరు పెట్టి పిలవలేని పెద్దమనిషి ఒక్కరే కావచ్చు. కర్తని మింగేసినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ఇలాంటి భాష దొరికాక రచయితలు నిజాయితీగా ఎందుకుంటారు?

ఈ అలవాటు పాతదే. 9వ శతాబ్దంలో కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకంలో ఒక ప్రాకృత గాథని ఎత్తి చూపించాడు. అందులో ఒకావిడ ఒక ధార్మికుడితో అంటుంది: నిశ్చింతగా తిరుగు నాయనా, నిన్ను భయపెట్టే కుక్కని గోదావరి గట్టు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది. మాట చూస్తే స్వాగతం. కుక్కకే జడిసేవాడు సింహం ఉన్న చోటికి వస్తాడా? ఆ పొదలు ఆవిడ ప్రియుణ్ణి కలుసుకునే చోటు. 'ఇటు రావద్దు' అన్న మాట గాథలో లేదు, ప్రియుడూ లేడు. ఇలా చెప్పకుండా తోపించే అర్థానికి ఆలంకారికులు పెట్టిన పేరు వ్యంగ్యం. నేను రాస్తున్నదీ వ్యంగ్యమేనని కొందరు అనుకోవచ్చు. నేను మాత్రం చాలా సీరియస్‌గా రాస్తున్నాను.

ఊరికే తిట్టడం నా పద్ధతి కాదు కాబట్టి ఆ పల్లవిని రిపేరు చేశాను. చివరి పంక్తి తీసేసి, 'నాలుగేళ్లుగా అంటూనే ఉన్నారు, నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే వాడు తిరిగి వస్తాడని నా ఆశ' అని పెట్టాను. ఎవరికీ ఏ అనుమానమూ మిగలదు. ఏడక్షరాలు పట్టే ట్యూన్‌లో 34 అక్షరాలు ఎక్కించాల్సి రావడం చిన్న ఇబ్బంది. పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలని అడిగాడు. నేను 'ఆశ' తర్వాత అన్నాను.

అదే ముగ్గురికి వినిపించాను. ఎవరూ ఏడవలేదు. పైగా ప్రశ్నలు మొదలయ్యాయి. నాలుగేళ్లంటే ఫోన్ చెయ్యొచ్చుగా? పోలీసులకి చెప్పారా? ఇంతకీ గొడవ దేనికి? అసలు పాటలో ఏమీ చెప్పనప్పుడు ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అంతా చెప్పినందుకు నన్ను బోనులో నిలబెట్టారు. కళ్లు తుడుచుకున్నావిడ 'అయితే ఇది వేరేవాళ్ల కథ అన్నమాట' అని లేచి వెళ్లిపోయింది.

న్యాయంగా ఇంకో రకం పాటని మెచ్చుకోవాలి. 'ఏదో జరిగింది, ఎవరో వెళ్లారు, ఏదీ మునుపటిలా లేదు' అని మొదలవుతుంది. ఇందులోనూ ఖాళీలే. కానీ ఈ రచయిత వినేవాళ్ల చేత చాకిరీ చేయించడు. చెవి లేదు, కుండీ లేదు, పచ్చరంగు లేదు, పట్టుకోడానికి అంచే లేదు కనక అల్లుకునే పనే ఉండదు. ఎవరికి వినిపించినా 'ఏమైంది?' అంటారు, జవాబు కోసం ఆగకుండా వేరే మాటలో పడతారు. నా మిత్రుడి పాటకి మనుషులు తలో పేరు చెప్పారు గానీ, ఒకే చోట మాట పడిపోయి ఆగారు. ఖాళీలో ఏం పట్టాలో చుట్టూ ఉన్న వస్తువులు ముందే కొలిచి పెట్టాయి. కుట్ర అంటే అది.

అంతకంటే ఘోరం చరణం తర్వాత జరుగుతుంది. చరణంలో 'వీధి చివర లైటు పోయింది, మెల్లగా నడువు' అని ఒక్క మాట పడేసి మళ్లీ పల్లవికి వస్తాడు. ఒక్క అక్షరం మార్చడు. కానీ మొదటిసారి ఇంటి ముచ్చటగా విన్న పచ్చరంగు ఇప్పుడు చీకట్లో వచ్చేవాడికి చెప్పే గుర్తు అయిపోతుంది. కుండీ కింద చెవి ఎవరికి చెబుతున్నారో అప్పుడు తెలుస్తుంది. అవే మాటలకి రెండుసార్లు కూలి తీసుకోవడం ఇది. అయితే వాణ్ణి ఒక్కచోట పట్టుకున్నాను. ముందు రాసిన చరణంలో అద్దం, ఉత్తరం, ఇంకో ఖాళీ మంచం కూడా ఉండేవట. పాట వినేవాడు పుస్తకంలోలా వెనక్కి తిప్పి చూసుకోలేడు, వాద్యాలు వాయించే ఆ కాసేపట్లో ఒక్క ఖాళీయే పూడ్చగలడని అవన్నీ కొట్టేశాడు. దాచినవాటిని కూడా దాచేశాడన్నమాట!

ఈ అభియోగాలన్నీ రాసుకుని వాడి ముందు పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పెన్సిల్ తీసుకుని కొన్నిచోట్ల సున్నాలు చుట్టాడు.

"నువ్వు 'వాడు వెళ్లిపోయాడు' అని రాశావు. 'వచ్చేవాడికి గుర్తు' అన్నావు. రిపేరులోనూ 'వాడు తిరిగి వస్తాడని' పెట్టావు. మగమనిషని నేనెక్కడ చెప్పాను?"

పల్లవి చూశాను. చరణం చూశాను. ఎక్కడా లేదు.

"నాలుగేళ్లని ఎవరు చెప్పారు?"

కాగితం తీసుకుని వచ్చేశాను.