కాకి లెడ్జర్ కాకికి ముద్దు

మా అట్టపెట్టెల సప్లయర్ ఈ ఏడాది స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్‌ని ఫోటో తీసి పంపాడు. కంప్యూటర్ స్క్రీన్‌ని కాస్త పక్కకి వాలి, ఫోన్‌తో తీసిన ఫోటో. అందులో ట్యూబ్‌లైట్ ఉంది, టీ గ్లాసు ఉంది, ఫోన్ పట్టుకున్న బొటనవేలు కూడా ఉంది. ముగింపు బ్యాలెన్స్ మాత్రం ట్యూబ్‌లైట్ వెలుగులో కలిసిపోయింది. కింద ఒక్క మాట: 'కన్ఫర్మ్ చేయగలరు'.

నేను పచ్చళ్ల కంపెనీలో అకౌంట్స్ రాసే మనిషిని. ఫోన్ చేసి, ఎక్సెల్‌లో పంపండి సార్ అన్నాను. గంటలో ఎక్సెల్ వచ్చింది. ఎక్సెల్ ఫోటో! ఇలా కాదండీ, ఫైల్ కావాలన్నాను. మర్నాడు పీడీఎఫ్ వచ్చింది. వాళ్లు ఆ ఎక్సెల్‌ని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, రబ్బరు స్టాంపు గుద్ది, స్కాన్ చేశారు. స్టాంపు ఎక్కడ పడింది? ముగింపు బ్యాలెన్స్ మీదే. "సార్, ఒరిజినల్ కావాలంటే మనిషితో పంపుతాం" అన్నాడు వాళ్ల అకౌంటెంట్ ఎంతో గౌరవంగా. నాలుగో రోజుకి అసలు ఫైల్ వచ్చింది. పురావస్తు శాఖ వాళ్లు కూడా శాసనాల్ని ఇంతకన్నా తొందరగా చదివేస్తారు.

అందులో మేము ఇవ్వాల్సింది 6,84,310 రూపాయలు. మా పుస్తకంలో 5,12,450. తేడా 1,71,860. "మా బుక్స్ కరెక్టే సార్" అన్నాడతను. మావీ కరెక్టే అన్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు. రెండు కాకులూ బాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ల మీద సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి, అంకెలు మాత్రం వేరు.

ఇక్కడ మా మేనేజర్‌గారు ఒక పరిష్కారం చెప్పారు: "ఒక జర్నల్ ఎంట్రీ వేసి సర్దేయవయ్యా." దాని సంగతి తర్వాత చెప్తాను.

సర్దకుండా చేసే పని ఇది. ముందు ముగింపు జోలికి పోకూడదు, ప్రారంభం చూడాలి. ఏప్రిల్ 1న ఇద్దరి ఓపెనింగ్ బ్యాలెన్స్ ఒకటేనా? మాది 1,200 తక్కువ. అంటే ఈ ఏడాదంతా తవ్వినా దొరకని తేడా ఇది, పోయినేడాది నుంచి మోసుకొచ్చిన సామాను. దాన్ని పక్కన పెట్టాను.

తర్వాత బిల్లులు. తేదీలతో జత కట్టకండి. వాళ్ల బిల్లు 12న ఉంటే, సరుకు దిగి మేము ఎంట్రీ వేసేది 15న. బిల్లు నంబరుతో, మొత్తంతో కట్టాలి. అయితే వాళ్లు నంబరును పొడుగ్గా ఏడాదితో సహా వేస్తారు, మా కుర్రాడు చివరి మూడంకెలే కొడతాడు. అందుకే రెండు షీట్లలోనూ నంబరును ఒకే రూపానికి తెచ్చాక వాళ్ల షీట్‌లో ఇది వేశాను (B లో నంబరు, C లో మొత్తం, మా లెడ్జరు Sheet2):

```
=COUNTIFS(Sheet2!B:B,B2,Sheet2!C:C,C2)
```

1 వస్తే జత కుదిరింది, కొట్టేయొచ్చు. 0 వస్తే మన దగ్గర లేదు, లేదా మొత్తం తేడా. 2 వస్తే మనవాడు ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించాడు. ఇదే పని మన షీట్ వైపు నుంచి కూడా చేయాలి. ఒక వైపే చేస్తే మన దగ్గర ఎక్కువగా ఉన్నవి కనబడవు. చెల్లింపులకి మాత్రం బిల్లు నంబరు పనికిరాదు, ఒకే బదిలీలో నాలుగు బిల్లులు తీరతాయి. అక్కడ ప్రతి బదిలీకీ బ్యాంకు వేసే యూటీఆర్ నంబరే ఆధారం.

ఏడాది ఎంట్రీలన్నిట్లో మిగిలినవి ఐదు. తిలా పాపం తలా పిడికెడు.

94,400 బిల్లు మార్చి 30న వాళ్ల గేటు దాటింది, మాకు ఏప్రిల్ 2న చేరింది. ఇది ఎవరి తప్పూ కాదు. మా ఆర్డరులో సరుకు మా గేటు దగ్గర దిగాకే మాది అని ఉంది కాబట్టి మేము మార్చిలో వేయకపోవడం సరే. వాళ్ల గోడౌన్ దాటగానే మాది అని రాసుకుని ఉంటే మేమే వేయాల్సి వచ్చేది.

తడిసిన పెట్టెలకి మేము వేసిన డెబిట్ నోట్ 23,600. వాళ్లు క్రెడిట్ నోట్ ఇవ్వలేదు. మన డెబిట్ నోట్ మన కోరిక మాత్రమే. జీఎస్టీలో బిల్లు తగ్గేది వాళ్లు క్రెడిట్ నోట్ ఇస్తేనే, అది జీఎస్టీ పోర్టల్‌లోని జీఎస్టీఆర్-2బీలో మనకి కనబడుతుంది. కనబడలేదు. రాతపూర్వకంగా అడిగాను, ఇచ్చారు.

టీడీఎస్ 860. మేము కోసి ప్రభుత్వానికి కట్టాం, వాళ్లు రాసుకోలేదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర వాళ్ల పేరున ఉండే 26ఏఎస్ తెరిచి చూసుకోమన్నాను. మేము కోసి కట్టకపోయుంటే అక్కడే దొరికిపోయేవాళ్లం.

మేము పంపిన 50,000 వాళ్ల దగ్గర ఎక్కడా లేదు. యూటీఆర్ ఇస్తే వెతికారు. మా పేరుకి దగ్గరగా పేరున్న ఇంకో కస్టమర్ ఖాతాలో జమైంది. ఆయన ఇన్నాళ్లూ తన బాకీ తగ్గిందని నోరెత్తలేదు. ధర్మరాజు కాదు కదా.

చివరిది నా పరువు తీసింది. వాళ్ల బిల్లు 45,360, మా ఎంట్రీ 43,560. తేడా 1,800. జతపడ్డ బిల్లులో తేడా 9తో భాగిస్తే నిశ్శేషంగా పోయిందంటే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. మొత్తం తేడా మీద ఈ కిటుకు వాడితే మాత్రం బోల్తా పడతారు.

ఇక ఆ 1,200. పోయినేడాది ఇదే సీట్లో ఉన్న మహానుభావుడు 'రికన్సిలియేషన్ డిఫరెన్స్' అని జర్నల్ ఎంట్రీ వేసి సర్దేశాడు. దాన్ని వెనక్కి తిప్పాను. మా 5,12,450కి 1,800, 1,200 కలిపితే 5,15,450. వాళ్ల 6,84,310లో 50,000, 23,600, 860 తీసేసి, దారిలో ఉన్న 94,400 పక్కన పెడితే 5,15,450. పైసా తేడా లేదు.

ఇప్పుడు సర్దేయడం సంగతి. మేనేజర్‌గారు చెప్పినట్టు 1,71,860కి ఎంట్రీ వేసుంటే, వేరే వాడి ఖాతాలో పడిన 50,000 మేము మళ్లీ కట్టేవాళ్లం, రాని సరుకుకి లెక్క తేలినట్టు ఉండేది. అది సర్దుబాటు కాదు, శవాన్ని చాప కింద దాచడం.

ఇంతకన్నా ఒళ్లు మండేది ఇంకోటి ఉంది. ఈ తేడా పేరు చెప్పి మావాళ్లు ఐదు లక్షలూ ఆపేశారు. అసలు వివాదమే లేని ఐదు లక్షలు! "స్టేట్‌మెంట్ మ్యాచ్ కాలేదు, పేమెంట్ హోల్డ్." ఆ అట్టపెట్టెలాయనకి క్రాఫ్ట్ పేపర్ మిల్లు అప్పివ్వదు, కూలీలు శనివారం దాకే ఆగుతారు. ఆయన చిన్న తయారీదారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందం ఏం రాసుకున్నా, సరుకు ఒప్పుకున్నాక 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. సరుకు మీద అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాసివ్వాలి, లేకపోతే ఒప్పుకున్నట్టే. లెక్క కుదరలేదన్నది ఈ చట్టంలో ఎక్కడా అభ్యంతరం కాదు. తేడా ఉన్న ముక్క ఆపుకోండి, మిగతాది కట్టి తగలడండి! నాలుగు రోజులు పట్టే పనిని నాలుగు నెలలు లాగేది లెక్క రాక కాదు, డబ్బు తీయబుద్ధి కాక. ఇది దొంగతనం కాదని నాకు ఎవరైనా చెప్తే వింటాను.

5,15,450కి ఇద్దరం సంతకాలు పెట్టాం. మొత్తం కట్టించాను. జూన్‌లో కొత్త స్టేట్‌మెంట్ వచ్చింది, ఫోటోనే. ఈసారి టీ గ్లాసు లేదు. ఓపెనింగ్ బ్యాలెన్స్ స్పష్టంగా కనబడుతోంది: 6,84,310.