పూతరేకుల పెట్టె, ఉన్నత స్థాయి సంఘం

మా బాబాయి రావులపాలెంలో పూతరేకులు అమ్ముతాడు. పొరుగునున్న ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించిన నాటి నుంచి, తన కొట్టుకూ ఒక వీడియో ఉండి తీరాలన్న జ్ఞానోదయం ఆయనకు కలిగింది. అందుకు పదిహేను వేల రూపాయల నిధిని, నలభై అయిదు సెకన్ల నిడివిని, ముగ్గురు సభ్యుల ఉన్నత స్థాయి సంఘాన్ని ఆయన ప్రకటించాడు. సభ్యులు వరుసగా పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఆసామి, యానిమేషన్ నేర్చుకుంటున్న మేనల్లుడు, కృత్రిమ మేధతో ఏదైనా సాధ్యమని నమ్మే పెద్దల్లుడు. నేను పత్రికలకు రాస్తాను కనుక, ఏ పనీ చేతకాని వాడినన్న నమ్మకంతో నన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

తొలి సమావేశంలో మూడు గంటలపాటు చర్చ జరిగింది. పెళ్ళి వీడియో ఆసామి డ్రోన్ లేనిదే గోదావరి కనిపించదన్నాడు. దానికి నలభై వేలు అడిగాడు. మేనల్లుడు అక్షరాలు గాలిలో ఎగిరి వచ్చి అతుక్కోవాలన్నాడు. అల్లుడుగారు మాత్రం ఇద్దరినీ జాలిగా చూసి, ఎవరినీ కదపనక్కరలేదని, నాలుగు వాక్యాలు టైపు చేస్తే చాలని సెలవిచ్చారు. ఇంతమంది మేధావుల మధ్య, ఆ వీడియో ఎవరికి ఏం చెప్పాలో అడగాలన్న ఆలోచన ఒక్క మా పిన్నికే వచ్చింది. ఆమె వంటింటి గుమ్మంలో నుంచే, హైదరాబాదు నుంచి ఫోను చేసేవాళ్ళంతా రుచి గురించి అడగరని, కొరియర్లో రేకులు పొడి కాకుండా చేరతాయా అనే అడుగుతారని గుర్తు చేసింది. సంఘం ఆ విషయాన్ని అజెండాలో లేనిదిగా భావించి పక్కన పెట్టింది.

మర్నాడు అల్లుడుగారి వీడియో వచ్చింది. ఎనిమిది సెకన్లు. అందులో ఒక అందమైన స్త్రీ, నిటారుగా నిలబెట్టిన కుండలో గరిటె ముంచి, దోసె లాంటి దాన్ని బయటికి తీసి, పట్టు వస్త్రంలా గాలిలో ఝాడించింది. నిజానికి కుండ బోర్లించి ఉంటుంది, కింద మంట ఉంటుంది, జావలాంటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ వీపు మీదుగా లాగగానే క్షణంలో రేకు అంటుకుంటుంది. ఇది ప్రపంచంలో కొద్ది ఊళ్ళలోనే జరిగే పని కనుక, ఆ యంత్రం చూసిన లక్షల దృశ్యాలలో దోసెలే ఎక్కువ ఉంటాయని, తెలియని చోట అది తనకు బాగా తెలిసిన దాన్నే గీస్తుందని నేను వివరించాను. అల్లుడుగారు వాక్యాన్ని సవరించి మళ్ళీ ప్రయత్నించారు. రెండో ముక్కలో కుండ బోర్లింది గానీ స్త్రీ మారిపోయింది, చీర రంగు కూడా మారింది. వెనక బోర్డు మీద అక్షరాలు తెలుగూ కన్నడమూ వియ్యమందుకున్నట్టు వెలిగాయి. దృశ్యం పనికొచ్చినా పనికి రాకపోయినా ప్రతి ప్రయత్నానికీ క్రెడిట్లు కరుగుతాయని, ఇరవై రెండో ప్రయత్నం తరువాత ఆయనే ఒప్పుకున్నారు. ఉచితంగా మొదలైన విద్యకు అప్పటికి రెండు వేలు అయ్యాయి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మన కొట్టులో తయారు కాని రేకును మన రేకుగా చూపడం, వస్తువును తప్పుగా వర్ణించడమే. అలాంటి ప్రకటనను తప్పుదోవ పట్టించే ప్రకటనగానే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లెక్కిస్తుంది. ఈ మాట విన్న బాబాయి, కుండ నిటారుగా ఉందన్నప్పుడు కూడా అంత కంగారు పడలేదు.

తరువాత మేనల్లుడి వంతు. పెట్టెను నిలువుగా కోసినట్టు బొమ్మ గీసి, అడుగున గట్టి అట్ట, దాని మీద రేకుల వరుస, మధ్యన వెన్న కాగితం, పైన మళ్ళీ అట్ట ఒకదాని తరువాత ఒకటి దిగేలా పన్నెండు సెకన్ల యానిమేషన్ చేశాడు. నాలుగు రోజులు పట్టింది. పెట్టె లోపలికి ఏ కెమెరా దూరలేదు; డ్రోన్ ఎంత ఎత్తుకు ఎగిరినా అంతే. కాబట్టి ఇది న్యాయంగా బొమ్మకు చెందిన పని. కాకపోతే తెర మీద 'నెయ్యి' అన్న మాట 'నెయ్‌యి'గా విరిగి కనిపించింది. అతను వాడిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో అక్షరాల విభాగానికి వెళ్ళి దక్షిణాసియా లిపుల ఎంపికను పెట్టుకోకపోతే మన ఒత్తులకు పట్టే గతి ఇదే. ఆ ఎంపిక మార్చి, మాటను మళ్ళీ రాశాక నెయ్యి పేరుకుంది. ధర, ఫోను నంబరు కూడా అతని చివరి పలకలోనే పెట్టించాను. నెయ్యి ధర పెరిగిన రోజున ఒక అంకె మారిస్తే సరిపోతుంది. అదే ధరను బాబాయి కెమెరా ముందు నోటితో చెప్పి ఉంటే, పెరిగినప్పుడల్లా ఆయనకు మళ్ళీ గడ్డం గీయించాలి.

అయితే బొమ్మలో పెట్టె ఎన్నటికీ పగలదు. గీసినవాడి చేతిలో ఉన్న పెట్టె కొండ మీద నుంచి దొర్లినా క్షేమమే. అడిగేవాళ్ళ అనుమానం సరిగ్గా అక్కడే ఉంది కనుక, పిన్ని మాటను అజెండాలోకి తెచ్చి, నిజమైన పెట్టెను నిజంగా కింద పడేయాలని తీర్మానించాం. డ్రోను ఊసు మానితే సగం పూటకు ఆరు వేలు చాలునని వీడియో ఆసామి దిగి వచ్చాడు.

చిత్రీకరణకు మొదట ఎంచుకున్నది తెల్ల సున్నం వేసిన గోడ. దాని ముందు తెల్లని పల్చటి రేకు ఎత్తి పట్టుకుంటే, మా పనిమనిషి గాలిని పట్టుకొని అభినయిస్తున్నట్టు కనిపించింది. పొగచూరిన నల్ల గోడ దగ్గరికి మార్చి, పక్క గుమ్మం నుంచి వెలుతురు పడనిచ్చాక రేకు వల్లెవాటులా మెరిసింది. ట్యూబులైటు కింద దృశ్యంలో చారలు పాకాయి. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులు కనుక, షట్టరు వేగం సెకనులో యాభయ్యో వంతో, నూరో వంతో పెడితే ఆ చారలు పోతాయి. మంట లేచినప్పుడల్లా చిత్రం చీకటి పడడం చూసి, కెమెరా వెలుగును ఒక చోట బిగించారు. కొబ్బరాకు చిటపటలు అలాగే ఉంచమన్నాను. వాటి మీద వేణువు పెట్టాలన్న ప్రతిపాదన ఒక ఓటు తేడాతో వీగిపోయింది.

చివరిది పెట్టెను పడేసే దృశ్యం. కత్తిరింపు ఉంటే పెట్టె మార్చారంటారు కనుక, కట్టడం, నడుము ఎత్తు నుంచి గచ్చు మీద పడేయడం, విప్పడం అన్నీ ఒకే షాటులో జరగాలి. మొదటి పెట్టె విప్పితే రెండు రేకులు చిట్లి ఉన్నాయి. బాబాయి ముఖం కూడా చిట్లింది. మూలల్లో ఖాళీ ఉందని తేలి, అక్కడ కాగితం కుక్కి కొత్త పెట్టె కట్టారు. అది నిలిచింది. మేనల్లుడి బొమ్మలో మూలల కాగితం ఆ తరువాత చేరింది. ప్రకటన కోసం చేసిన ప్రయత్నంలో సరుకు బాగుపడిన అరుదైన సందర్భంగా దీన్ని సంఘం నమోదు చేసింది.

మొత్తం ఖర్చు ఆసామికి ఆరు వేలు, మేనల్లుడికి అయిదు వేలు, క్రెడిట్లకు రెండు వేలు, పగిలినవీ పగలనివీ పెట్టెలకు పన్నెండు వందలు. అల్లుడుగారి మనసు నొచ్చుకోకుండా, ఆయన తీయించిన దానిలో మనుషులూ అక్షరాలూ లేని రెండు సెకన్ల మేఘాలను, పక్కన 'కృత్రిమ దృశ్యం' అని రాసి, సంక్రాంతి శుభాకాంక్షలకు అట్టే పెట్టాం.

వీడియో వెళ్ళిన మూడో రోజున హైదరాబాదు నుంచి ఒకాయన ఫోను చేశాడు. అంతా చూశానని, పెట్టె పడేయడం మాత్రం ఏఐతో చేశారు కదా అని అడిగాడు. బాబాయి కాసేపు ఆలోచించి, "మీ ఇంటి చిరునామా చెప్పండి బాబూ, నేనే వచ్చి మీ గచ్చు మీద పడేస్తాను" అన్నాడు.